బొట్టు బొట్టు చేరాక ఏమవుతుంది?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



ఈసారి మమ్మల్ని పొదుపు గురించి మాట్లాడమన్నారు. పొదుపు అనగానే మనమందరం ముందు చెప్పే మాట ఒకటుంది. బిందువు బిందువు కలిస్తే సింధువు. మీటింగులో చెప్తాం, గోడ మీద రాస్తాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా వద్దని పోరాడిన ఆడవాళ్ళు రోజుకు ఒక్క రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టినప్పటి నుంచీ మన సంఘాలు ఈ మాట మీదే నడుస్తున్నాయి. మాట మంచిదే. కానీ అది చేరడం వరకే చెప్తుంది. చేరిన తర్వాత ఆ నీళ్ళను ఏం చేయాలో చెప్పదు. సముద్రం నీళ్ళు తాగడానికీ పనికిరావు, మడికీ పనికిరావు కదా!

ఇదెందుకు చెప్తున్నామంటే, పోయిన సంక్రాంతికి ముందు మా ఊళ్ళో మూడు సంఘాలు ఒకే మాట అడిగాయి. ఇన్నేళ్ళు కట్టింది చాలు, పంచేసుకుందాం, మళ్ళీ కొత్తగా మొదలుపెడదాం అన్నారు. కోపంతో కాదు, అవసరం కొద్దీ అడిగారు. దాని మీద మూడు మీటింగులు నడిచాయి. మాటకు మాట పెరుగుతున్నప్పుడు ఒక అక్క, మన సామెత తప్ప వేరే ఊరివాళ్ళది ఏదీ లేదా అని నవ్వుతా అడిగింది. అప్పుడు మేము సేకరించడం మొదలుపెట్టాం. కొన్ని మా ఊరి కోడళ్ళ దగ్గర, కొన్ని కువైట్ పోయి వచ్చినవాళ్ళ దగ్గర, కొన్ని పిల్లల చదువుల్లో దొరికాయి. అన్నీ కొంచెం కొంచెంగా కూడబెట్టడం గురించే. కానీ ఒక్కోటి ఒక్కో తీరుగా చెప్తుంది.

ముందు పక్కనే ఉన్న తమిళం. మన పక్క సగం ఇళ్ళల్లో తమిళ కోడళ్ళు ఉన్నారు కాబట్టి ఇది సులభంగా దొరికింది. సిరు తుళి పెరు వెళ్ళం అంటారు. చిన్న చినుకు, పెద్ద వరద అని. మనం సముద్రం అన్నచోట వాళ్ళు వరద అన్నారు. చెరువు కింద సేద్యం చేసేవాళ్ళకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. సముద్రం ఎక్కడికీ పోదు. వరద మాత్రం వస్తుంది, పోతుంది. కట్ట ఉంటేనే నిలుస్తుంది. కట్ట ఒక్కటే ఉన్నా చాలదు, దానికి తూము ఉండాలి. తూము ఎత్తితే కావాల్సినన్ని నీళ్ళు మడికి పోతాయి, దించితే ఆగుతాయి. తూము ఎత్తడానికి ఒక మనిషి, ఒక వంతు, ఒక లెక్క ఉంటాయి. గండి పడితే అవేమీ ఉండవు. తూములో పోయేదీ నీళ్ళే, గండిలో పోయేదీ నీళ్ళే. కానీ గండి పడిన ఏడు పంట ఉండదు. మన సంఘంలో అంతర్గత అప్పు తూము లాంటిది. పంచుకోవడం గండి లాంటిది.

ఈ మాట అంటే ఒప్పుకోలేదు. లెక్క చూపించమన్నారు. చూపించాం. సంఘంలో 12 మంది, మనిషికి నెలకు 200 రూపాయలు. నెలకు 2,400 అవుతుంది. మూడేళ్ళకు 86,400. వడ్డీ వచ్చిన సంగతి పక్కన పెడదాం, ఉత్త పొదుపే చూద్దాం. పంచితే మనిషికి 7,200 వస్తుంది. అందులో ఒకామెకు అమ్మాయి కాలేజీ ఫీజుకు 30,000 కావాలి అనుకోండి. చేతిలో 7,200 ఉంది కాబట్టి మిగతా 22,800 బయట తేవాలి. మన దగ్గర బయట వడ్డీ నూటికి నెలకు ఐదు రూపాయలు నడుస్తా ఉంది. పది నెలల్లో అసలు సమానంగా తీరుస్తా, తగ్గిన అసలుకే వడ్డీ కడతా వచ్చినా 6,270 రూపాయలు వడ్డీకే పోతుంది. అది కూడా బయటివాడు తగ్గిన అసలుకే వడ్డీ తీసుకుంటే! చాలామంది తీసుకోరు.

పంచకుండా ఉంటే అదే 30,000 సంఘంలోనే నూటికి రూపాయి వడ్డీకి దొరుకుతుంది. నెలకు 3,000 అసలు. మొదటి నెల వడ్డీ 300, తర్వాత 270, 240, అట్లా తగ్గుతా పదో నెలకు 30. మొత్తం వడ్డీ 1,650. ఆమె పొదుపు 7,200 సంఘంలో అట్లాగే ఉంటుంది. ఆ 1,650 కూడా ఎవరింటికో పోదు, సంఘం మూలధనంలో కలుస్తుంది. ఇంకొకటి, బ్యాంకు లింకేజీ అప్పుకు పోయినప్పుడు వాళ్ళు సంఘం మూలధనం ఎంత ఉందో చూస్తారు. పంచేసుకుని ఖాళీ పుస్తకం పట్టుకుని పోతే ఎంత ఇస్తారో మీకు తెలుసు.

తర్వాత రెండు కోడి సామెతలు. కోళ్ళు పెంచే మనకు ఇవే బాగా నచ్చాయి. స్పెయిన్ దేశం వాళ్ళు, గింజ గింజ ఏరుకుని కోడి తన మేత సంచి నింపుకుంటుంది అంటారు. కోడి మెడ కింద సంచి మాదిరి ఉంటుంది కదా, దాని మాట. సాయంత్రం గూట్లోకి తోలేటప్పుడు చెయ్యి పెట్టి చూస్తే నిండుగా, గట్టిగా తగులుతుంది. తెల్లారి చూస్తే ఖాళీ. రాత్రికి రాత్రే అరిగిపోతుంది. మళ్ళీ ఏరుకోవాల్సిందే. ఇది కూడబెట్టడమే కానీ ఆ పూటకు కూడబెట్టడం. పండగ చీటీ ఇట్లాంటిది. పది నెలలు కడతాం, పండక్కి తీసుకుంటాం, అయిపోతుంది. అది తప్పు కాదు, దాని పని అదే. అయితే చీటీనీ సంఘం పొదుపునూ ఒకటే అనుకుంటేనే చిక్కు వస్తుంది. పంచుకుందాం అన్నవాళ్ళలో ఎక్కువమందికి నిజంగా కావాల్సింది పండగ ఖర్చు. వాళ్ళు అడగాల్సింది కోడి సంచిని, అడిగింది మాత్రం ఇంకోదాన్ని.

ఆ ఇంకోటి ఏంటో ఇథియోపియా వాళ్ళ సామెత చెప్తుంది. మెల్లమెల్లగా గుడ్డు కూడా తన కాళ్ళతో నడుస్తుంది అంటారు. మొదట విన్నప్పుడు మీటింగులో అందరూ నవ్వారు. గుడ్డు నడవడమేంది అని. తర్వాత అర్థమైంది, పిల్ల అయితే నడుస్తుంది కదా. మిగతా సామెతలన్నిటిలో చిన్నది పెద్దదవుతుంది, అంతే. చినుకు పెరిగితే ఎక్కువ నీళ్ళే. ఇందులో మాత్రం ఒకటి ఇంకొకటిగా మారిపోతుంది. గుడ్డు పెద్ద గుడ్డు కాదు, కోడిపిల్ల అవుతుంది. మన పొదుపు కూడా పొదుపుగానే ఉండిపోదు. ఒకామెకు మేకపిల్లగా, ఒకామెకు కుట్టు మిషనుగా, ఒకామెకు తాకట్టు విడిపించిన కమ్మలుగా మారింది. అయితే గుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుందని మనకు తెలుసు. పదిహేనో రోజు తొందరపడి పగలగొడితే అది పిల్లా కాదు, కూర వండుకునే గుడ్డూ కాదు. మూడేళ్ళ సంఘాన్ని పంచుకోవడం గురించి మేము ఇంతకన్నా బాగా చెప్పలేకపోయాం.

జపాన్ వాళ్ళది కూడా ఒకటి దొరికింది. దుమ్ము అయినా పేరుకుంటే కొండ అవుతుంది అంటారు. మనవాళ్ళేమో కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి అన్నారు. ఒకరు కొండ కట్టారు, ఒకరు కరిగించారు. రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. మాకు మాత్రం దుమ్ము అనే మాట దగ్గర వేరే ఆలోచన వచ్చింది. దుమ్మును ఎవరూ కూడబెట్టరు, ఊడవకపోతే అదే పేరుకుంటుంది. బకాయిలు అట్లాంటివే. ఈ నెల ఒకరి 200, వచ్చే నెల ఇద్దరివి. పుస్తకంలో ఎర్ర సిరాతో రాయకపోతే ఆరు నెలలకు ఎవరివి ఎంతో ఎవరికీ గుర్తుండదు.

ఇక చివరిది, మా మాటకు ఎదురు తిరిగినది. కువైట్‌లో ఏడేళ్ళు ఇంటిపని చేసి వచ్చిన ఒక అక్క, తనతో పనిచేసిన ఫిలిప్పీన్స్ ఆవిడ దగ్గర విన్నానని చెప్పింది. ఏదైనా దోపి పెట్టుకుంటేనే, కావాల్సినప్పుడు చెయ్యి పెట్టి తీసుకోవడానికి ఉంటుంది అని ఆ దేశంలో అంటారంట. పోపు డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీరల మడతలో మనం దోపి పెట్టుకునేది అదే. ఈ సామెతలో సముద్రం లేదు, కొండ లేదు. దాచిన చెయ్యే తీసుకోగలగాలి, అంతే.

ఆ అక్క ఇది చెప్పి కూర్చోగానే ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మ లేచింది. "మీ చెరువూ గుడ్డూ బాగానే ఉన్నాయమ్మా. నా కూతురి కాన్పుకు రాత్రిపూట మూడు వేలు కావాల్సి వచ్చింది. మీటింగు ఇంకా పన్నెండు రోజులుందన్నారు. నా దుడ్డే ఉండి నేను బయట తెచ్చుకున్నా. నా చెయ్యి పెడితే అందని దుడ్డు నాదెట్లా అవుతుంది?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. పంచుకుందాం అనే మాట అసలు ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది. తూము లేని చెరువుకు ఎవరో ఒకరు గండి కొడతారు.

అందుకని పంచుకోవడం మానుకుని, మూడు సంఘాలూ ఒక తీర్మానం రాసుకున్నాయి. సంఘం పొదుపు ఖాతాలో ఎప్పుడూ 10,000 తగ్గకుండా ఉంచాలి. ఆస్పత్రి, కాన్పు, చావు, ఈ మూడింటికి మీటింగు దాకా ఆగకుండా మనిషికి 3,000 వరకు ఇవ్వాలి. ఇద్దరు లీడర్లు సంతకం పెట్టి మర్నాడే బ్యాంకు నుంచి తీసివ్వాలి. వచ్చే మీటింగులో మొదట ఆ అప్పునే చదివి వినిపించాలి. తీర్చేది మూడు నెలల్లో, వడ్డీ మామూలుగా రూపాయే. పండగ ఖర్చుకు ఇష్టమున్నవాళ్ళు నెలకు 100 చొప్పున విడిగా చీటీ కట్టుకుంటారు. దాని పుస్తకం వేరే, సంఘం పుస్తకంలో కలపం.

ఇప్పటికి ఆరు నెలలైంది. నాలుగు అత్యవసర అప్పులు ఇచ్చాం. మూడు పూర్తిగా తీరాయి. నాలుగోది ఒక వాయిదా ఆగింది, వచ్చే మీటింగులో అడుగుతాం. రాత్రిపూట అవసరం వస్తే బ్యాంకు ఉండదు కదా అనే ప్రశ్న మాత్రం మిగిలి ఉంది. పెట్టెలో కొంత నగదు ఉంచమని కొందరు, ఇంట్లో నగదు ఉంటే లీడరుకే భయమని కొందరు అంటున్నారు. మీ గ్రామ సమాఖ్యల్లో ఎవరైనా దీనికి దారి కనిపెట్టి ఉంటే భోజనాల దగ్గర మాకు చెప్పండి. మా మూడు సంఘాల తీర్మానం పుస్తకాలు ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టాం, చూసుకోవచ్చు.