రక్తం కనిపించిన కల

  

గత నెలలో ఒక సోదరుడు ఫజ్ర్ నమాజు తరువాత మా వద్ద కూర్చున్నారు. తన కుడి చేయి మోచేతి వద్ద తెగి రక్తం కారుతున్నట్లు ఆయనకు కల వచ్చిందట. ఒక ఆమిల్‌ను అడిగితే ఇంట్లో ప్రాణగండం ఉందని, నల్లమేకను కోయాలని చెప్పాడట. మేము కలకు అర్థం చెప్పలేదు. ఎలా పడుకున్నారని మాత్రమే అడిగాము.

కుడి ప్రక్కకు తిరిగి, చేతిని తల క్రింద పెట్టుకుని పడుకున్నారట. మెలకువ వచ్చినప్పుడు ఆ చేయి తనది కానట్లే ఉందట. కాసేపటికి చీమలు పాకినట్లు తిమ్మిరెక్కి, సర్దుకుందట. కుడి ప్రక్కకు పడుకుని అరచేతిని చెంప క్రింద ఉంచుకోవడం సున్నతే. ఆయన తల బరువంతా మోపినది మోచేతిపై! అక్కడ నరం నొక్కుకుపోతే స్పర్శ తగ్గుతుంది. కలలు గాఢంగా వచ్చే నిద్రలో కండరాలు సడలిపోయి ఉంటాయి గనుక, చేతిని వెంటనే జరుపుకోలేము. లేని చేతికి నిద్రలోని మనసు ఒక కథ అల్లుకుంటుంది.

ఆ కథలోకి రక్తం ఎలా వచ్చింది? మధుమేహం వల్ల ఆయన బావగారి కాలివేలు తీసివేయగా, కట్లు మార్చేటప్పుడు ఈయనే దగ్గరున్నారు. ఇంకొకటి ఆయన ఆగి, ఆగి చెప్పారు. గోడ తగాదాతో తమ్మునితో రెండు నెలలుగా మాటలు లేవు. తమ్ముడు తన కుడిభుజమని ఆయనే అంటూ ఉండేవారు. ఇది మా ఊహ మాత్రమే. కానీ ఆ మాట చెప్పగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

కలలు మూడు రకాలని దైవప్రవక్త (స) సెలవిచ్చారు: అల్లాహ్ నుండి వచ్చే శుభవార్త, దుఃఖపెట్టడానికి షైతాన్ చూపేది, మనిషి తన మనసుతో తాను చెప్పుకునేది. తల తెగి దొర్లిపోతుంటే తాను దాని వెంట పరుగెత్తినట్లు కలగన్నానని ఒక పల్లెవాసి చెప్పినప్పుడు, ఆయన (స) దానికి అర్థం చెప్పలేదు. షైతాన్ నీతో ఆడిన ఆటను ప్రజలకు చెప్పవద్దన్నారు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. దానధర్మాలు ఎప్పుడూ మంచివే. కానీ మేకను కోయకపోతే ప్రాణం పోతుందని బెదిరించే హక్కు ఆమిల్‌కు ఎవరిచ్చారు?

అబూ సలమా (రహ్మలై) పీడకలలు చూసి జబ్బుపడేవారు. అబూ ఖతాదా (రజి) వద్ద ప్రవక్త (స) బోధను విన్న తరువాత ఆయన ఆందోళన తీరింది. ఎడమవైపు మూడుసార్లు తేలికగా ఉమ్మినట్లు ఊది, షైతాన్ నుండి అల్లాహ్ శరణు వేడుకోవాలి. ఎవరికీ చెప్పరాదు. ప్రక్క మార్చి పడుకోవాలనీ హదీసులో ఉంది. ఆ సోదరుని చేతికి కావలసినదీ అదే.

అయితే బొటనవేలు మొదలు మధ్యవేలి దాకా రాత్రిళ్ళు తరచూ తిమ్మిరెక్కుతుంటే, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, వైద్యునికి చూపించుకోవాలి. మేల్కొన్నాక చేయి పట్టు తప్పి, మూతి వంకరపోయి, మాట తడబడితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. దిండుపై నిజంగానే రక్తపు మరక ఉంటే ముక్కు, చిగుళ్ళు చూసుకోవాలి.