i5-1235U కా, i5-12450H కా? 10 కోర్ల కంటే 8 కోర్లు ఎందుకు మెరుగు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయ్యి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిందంటే ఇంట్లో తర్వాతి మాట ల్యాప్‌టాపే. మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు షాపులో తీసిన రెండు స్టిక్కర్ల ఫోటోలు పంపిండు. ఒకదాని మీద i5-1235U, 10 కోర్లు, 4.4 గిగాహెర్ట్జ్ అని ఉంది. రెండోదాని మీద i5-12450H, 8 కోర్లు, 4.4 గిగాహెర్ట్జ్. ధరలో పెద్ద తేడా లేదు. "అన్నా, స్పీడ్ ఒకటే కదా, 10 కోర్లదే తీసుకోమని షాపాయన అంటున్నడు, తీసుకోవాల్నా?" అని అడిగిండు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ రెండు స్టిక్కర్ల గురించే.

ముందు కోర్ల సంగతి చూద్దాం. ఈ ఇంటెల్ చిప్‌లలో కోర్లు రెండు రకాలు. బరువు పని చేసేవి పి-కోర్లు, తక్కువ కరెంటుతో చిన్న పనులు చేసేవి ఇ-కోర్లు. మన నల్గొండ బత్తాయి లోడు గుర్తు చేసుకోండి. ఒక రైతు దగ్గర 2 లారీలు, 8 ఆటోలు ఉన్నయి. ఇంకో రైతు దగ్గర 4 లారీలు, 4 ఆటోలు ఉన్నయి. లెక్కపెడితే మొదటాయనకు బండ్లు ఎక్కువ. కానీ పెద్ద లోడు ముందు చేరేది రెండో ఆయనదే. 1235U అంటే 2 పి-కోర్లు, 8 ఇ-కోర్లు. 12450H అంటే 4 పి-కోర్లు, 4 ఇ-కోర్లు.

ఈ లెక్క స్టిక్కర్ మీద ఉండదు. షాపులోనే మీరు తెలుసుకోవచ్చు. డెమో ల్యాప్‌టాప్‌లో Ctrl+Shift+Esc నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది. అందులో Performance, తర్వాత CPU నొక్కండి. కింద Cores, Logical processors అని రెండు అంకెలు కనిపిస్తయి. రెండో దాంట్లోంచి మొదటిది తీసెయ్యండి. 1235Uలో 12 లోంచి 10 తీస్తే 2. 12450Hలో 12 లోంచి 8 తీస్తే 4. వచ్చినదే పి-కోర్ల సంఖ్య. ఎందుకంటే ఒక్కో పి-కోర్ రెండు పనులను ఒకేసారి పట్టుకుంటది, ఇ-కోర్ ఒక్కటే పట్టుకుంటది. కానీ రెండు అంకెలూ సమానంగా ఉంటే ఈ చిట్కా పనిచెయ్యదు. కోర్ అల్ట్రా 200 చిప్‌లలో చాలావాటికి అట్లనే ఉంటది. రైజెన్ 5, 7లలో కూడా ఈ తీసివేత వాడకండి, వాటి లెక్క వేరే.

ఇక 4.4 గిగాహెర్ట్జ్. అది ఒక పి-కోర్ చేరగలిగే గరిష్ఠ వేగం మాత్రమే, అన్ని కోర్లూ గంటసేపు అదే వేగంతో పరిగెత్తవు. ఎంతసేపు నిలబడతదో చెప్పేది పేరు చివరి అక్షరం. U చిప్‌కు ఇంటెల్ పెట్టిన బేస్ పవర్ 15 వాట్లు, H చిప్‌కు 45 వాట్లు. ఆండ్రాయిడ్ స్టూడియోలో పెద్ద ప్రాజెక్ట్ బిల్డ్ పెట్టి టాస్క్ మేనేజర్‌లో Speed చూస్తూ ఉండండి. మొదట్లో బాగా పైకి పోయి, కాసేపటికి వేడి, పవర్ పరిమితి వల్ల దిగి ఒక దగ్గర ఆగుతది. ఆ ఆగిన అంకెతోనే మీరు రోజూ పని చేస్తరు.

అయితే H అందరికీ అవసరమా? కాదు. సీ, పైథాన్ ల్యాబ్ ప్రోగ్రాములకు 1235U చాలు, బ్యాటరీ కూడా ఎక్కువ వస్తది. హాస్టల్ నుంచి రోజూ మోసుకపోయేవాళ్లకు బరువు కూడా చూడాలె. సివిల్ వాళ్ల ఆటోక్యాడ్‌లో గీసే పని ఎక్కువగా ఒకే కోర్ మీద నడుస్తది, అక్కడ రెండింటికీ తేడా పెద్దగా తెలవదు. మూడు, నాలుగో సంవత్సరంలో పెద్ద బిల్డ్‌లు, సిమ్యులేషన్లు చేసేవాళ్లకు తేడా తెలుస్తది.

రైజెన్ వైపు పోతే ఒక్క అంకె దగ్గర జాగ్రత్త. Ryzen 5 7520U, Ryzen 5 7530U పేర్లు కవలపిల్లల లెక్క ఉంటయి. మూడో అంకె చూడండి. 2 అంటే పాత జెన్ 2 డిజైన్, 3 అంటే జెన్ 3. మొదటి దానికి 4 కోర్లు, రెండో దానికి 6. రెండూ "రైజెన్ 5, 7000 సిరీస్" అనే అమ్ముతరు.

ఆ తమ్ముడు సీఎస్‌ఈ, నాలుగేండ్లు వాడాలె, ఎక్కువగా రూములో చార్జర్ దగ్గరే పని. అందుకే 12450H తీసుకోమన్న. మీరు షాపుకు పోయినప్పుడు "ఐ5 ఉందా" అని అడగకండి, పూర్తి పేరు చివరి అక్షరం దాకా ఫోటో తీసుకోండి. ఇంటెల్ వెబ్‌సైట్‌లో ఆ పేరు కొడితే పి-కోర్లు, ఇ-కోర్లు, బేస్ పవర్ మూడూ ఫోన్‌లోనే కనిపిస్తయి. డబ్బులు కట్టే ముందు ఆ రెండు నిమిషాలు ఆగండి. వచ్చే ఎపిసోడ్‌లో ర్యామ్ గురించి మాట్లాడుకుందాం, ఉంట మరి.