ఒకే ఓవెన్, రెండు లెక్కలు: తరుగుదల మీ పన్నును ఎప్పుడు తగ్గిస్తుంది, ఎప్పుడు పెంచుతుంది?

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మా బాబాయ్‌కి సీతాఫల్‌మండిలో ఒక చిన్న బేకరీ ఉంది. మా పిన్ని తమ్ముడితో కలిసి పార్ట్‌నర్‌షిప్‌లో నడుపుతున్నారు. మొన్న రాత్రి పది దాటాక ఫోన్ చేసి, "ఒరేయ్, మన పుస్తకాల్లో లాభం 4 లక్షల 20 వేలు ఉంది. ఆడిటర్ గారేమో 3 లక్షల 50 వేల మీదే పన్ను కట్టమంటున్నారు. ఆ 70 వేలు ఎక్కడికి పోయాయిరా? రేపు నోటీసు వస్తే ఎవరిది బాధ్యత?" అన్నారు. పన్ను తగ్గిందని భయపడే మనిషిని నేను మొదటిసారి చూశాను.

ఆ 70 వేలు ఎక్కడికీ పోలేదు. ఎక్కడ ఉన్నాయో, మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాయో ఇవాళ చూద్దాం.

2025 జూన్‌లో బాబాయ్ వాళ్ళు కొత్త ఓవెన్ కొన్నారు. జీఎస్టీ పక్కన పెడితే 10 లక్షలు. ఆ జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకున్నారు కాబట్టి దాన్ని ఓవెన్ ఖరీదులో కలపకూడదు. ఇప్పుడు ఈ 10 లక్షల్ని ఒకే ఏడాది ఖర్చుగా రాయలేం, ఎందుకంటే ఓవెన్ చాలా ఏళ్ళు పనిచేస్తుంది. ఏడాదికి కొంచెం చొప్పున ఖర్చుగా రాస్తాం. దాన్నే తరుగుదల అంటారు, డిప్రిసియేషన్. ఏ ఏడాది ఎంత రాయాలి అన్న దగ్గరే రెండు దారులు ఉన్నాయి.

మొదటిది స్ట్రెయిట్ లైన్. బాబాయ్ వాళ్ళ పుస్తకాల్లో ఇదే వాడారు. ఓవెన్ పదేళ్ళు పనిచేస్తుంది, తర్వాత అమ్మితే 2 లక్షలు వస్తాయి అనుకున్నారు. మిగతా 8 లక్షల్ని పదితో భాగిస్తే ఏడాదికి 80 వేలు. మొదటి ఏడాదీ అంతే, పదో ఏడాదీ అంతే.

రెండోది తగ్గే విలువ మీద లెక్క. మన ఆడిటర్లు దీన్ని డబ్ల్యూడీవీ అంటారు. ఏటా మిగిలిన విలువ మీద ఒకే శాతం తీస్తూ పోవాలి. మామూలు యంత్రాలకి ఆదాయపు పన్ను రేటు 15 శాతం. మొదటి ఏడాది 10 లక్షల మీద 15 శాతం, అంటే లక్షా 50 వేలు. రెండో ఏడాది మిగిలిన 8 లక్షల 50 వేల మీద 15 శాతం, అంటే లక్షా 27 వేల 500. ఇలా ఏటా చిన్నదవుతూ వెళ్తుంది. కాలిక్యులేటర్‌లో పదిసార్లు నొక్కే ఓపిక లేక నేను స్క్రీన్ మీద ఇది రన్ చేశాను, పాత అలవాటు:

```python
wdv = 1000000
for year in range(1, 11):
    dep = round(wdv * 0.15)
    wdv = wdv - dep
    print(year, dep, wdv)
```

మొదటి నాలుగేళ్ళ తరుగుదల చూడండి: 1,50,000, తర్వాత 1,27,500, తర్వాత 1,08,375, తర్వాత 92,119. ఐదో ఏడాదికి 78,301. అంటే అక్కడ మన స్ట్రెయిట్ లైన్ 80 వేల కంటే కిందికి పడిపోయింది. పదో ఏడాదికి 35 వేలు కూడా లేదు. పదేళ్ళ తర్వాత మిగిలిన విలువ 1,96,874. స్ట్రెయిట్ లైన్‌లో మిగిలేది 2 లక్షలు. ఈ ఉదాహరణలో రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరాయి. మొత్తం తరుగుదల రెండిట్లోనూ సుమారు 8 లక్షలే. మారింది ఏ ఏడాదికి ఎంత అన్నదే.

ఇప్పుడు పన్నుకి వద్దాం. తరుగుదల తీయక ముందు బాబాయ్ వాళ్ళ లాభం ఏటా 5 లక్షలు అనుకుందాం. పుస్తకాల ప్రకారం 80 వేలు పోతే 4 లక్షల 20 వేలు. పన్ను లెక్కలో లక్షా 50 వేలు పోతే 3 లక్షల 50 వేలు. బాబాయ్ అడిగిన 70 వేలు ఇదే! ఆడిటర్ గారు చేసింది తప్పు కాదు. పుస్తకాల లాభం తీసుకుని, అందులో తీసేసిన 80 వేలు మళ్ళీ కలిపి, పన్ను చట్టం చెప్పిన లక్షా 50 వేలు తీశారు. ప్రతి ఏడాదీ కంప్యుటేషన్ షీట్‌లో ఈ రెండు లైన్లు ఉండాలి, ఒకటి కలిపేది, ఒకటి తీసేది. మీ షీట్‌లో కలిపే లైన్ లేకుండా తీసే లైన్ ఒక్కటే ఉంటే ఒకే ఓవెన్‌కి రెండుసార్లు తరుగుదల తీసినట్టే. నోటీసు వచ్చేది అప్పుడు.

పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి స్లాబులు లేవు. మొదటి రూపాయి నుంచి 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 31.2 శాతం. కాబట్టి మొదటి ఏడాది 70 వేల తేడా మీద 21,840 రూపాయల పన్ను తగ్గింది. నాలుగేళ్ళకి కలిపితే 49 వేల పైచిలుకు. ఐదో ఏడాది నుంచి బండి రివర్స్. పన్ను లాభం పుస్తకాల లాభం కంటే ఎక్కువ అవుతుంది. పదో ఏడాదికి పుస్తకాల్లో 4 లక్షల 20 వేలే ఉన్నా పన్ను 4 లక్షల 65 వేల మీద కట్టాలి. తగ్గిన 49 వేలల్లో ఇంచుమించు మొత్తం ఆ ఆరేళ్ళలో తిరిగి వెళ్ళిపోతుంది. అంటే అది మాఫీ కాదు. వడ్డీ లేకుండా చేతిలో ఆడే డబ్బు. ఓవెన్ ఈఎంఐ కడుతున్న మొదటి ఏళ్ళలో ఆ డబ్బు చేతిలో ఉండటం బాబాయ్‌కి నిజంగానే పనికొస్తుంది. కానీ ఐదో ఏడాది "లాభం పెరగలేదు, పన్నెందుకు పెరిగింది" అని నాకు మళ్ళీ ఫోన్ రాకూడదు.

చాలామంది అడిగే ప్రశ్న: పన్నుకి కూడా స్ట్రెయిట్ లైన్ ఎంచుకోవచ్చా? కుదరదు. 1961 చట్టం సెక్షన్ 32 ప్రకారం మామూలు వ్యాపారానికి తగ్గే విలువ పద్ధతే. కరెంటు ఉత్పత్తి చేసే సంస్థలకి మాత్రమే స్ట్రెయిట్ లైన్ ఎంచుకునే వీలు ఉంది, బేకరీకి లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ పద్ధతి మారలేదు.

ఇంతవరకు వింటే, ముందే ఎక్కువ తీసేయడం ఎప్పుడూ లాభమే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. నా బీటెక్ క్లాస్‌మేట్ లెక్క చూశాక అభిప్రాయం మారింది.

తను మారేడ్‌పల్లిలో కేకుల వ్యాపారం చేస్తుంది, సొంత పేరు మీద, పార్ట్‌నర్లు లేరు. తనూ అలాంటి 10 లక్షల ఓవెనే కొన్నది అనుకుందాం. మొదటి ఐదేళ్ళు తరుగుదలకి ముందు లాభం 9 లక్షలు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం వరకు రిబేట్ ఉంది, పన్ను సున్నా. తరుగుదల తీసినా సున్నా, తీయకపోయినా సున్నా. అంటే మొదటి ఏడాది లక్షా 50 వేలు తనకి ఒక్క రూపాయి కూడా మిగల్చలేదు. ఐదేళ్ళలో ఇలా 5 లక్షల 56 వేల తరుగుదల ఊరికే ఖర్చైపోయింది.

ఆరో ఏడాది నుంచి వ్యాపారం బాగా పెరిగి, లాభం 15 లక్షలకి చేరింది అనుకోండి. ఇప్పటి స్లాబులే ఉంటే తన పై రూపాయల మీద పన్ను 15 శాతం, సెస్‌తో 15.6. తరుగుదల నిజంగా కావాల్సింది ఇప్పుడు! కానీ తర్వాతి ఐదేళ్ళకి మిగిలింది మొత్తం కలిపి సుమారు 2 లక్షల 46 వేల 800. స్ట్రెయిట్ లైన్ అయి ఉంటే ఇదే ఐదేళ్ళలో 4 లక్షలు వచ్చేది. ఆ తేడా మీద పన్ను దాదాపు 23,900 రూపాయలు. బాబాయ్ కేసులో పన్ను కాస్త ముందూ వెనకా జరిగిందంతే. ఈమె కేసులో మొత్తం తరుగుదల దాదాపు అంతే ఉన్నా, పదేళ్ళలో కట్టే పన్ను పెరిగిపోయింది.

"అయితే మొదటి ఐదేళ్ళు తరుగుదల క్లెయిమ్ చేయను, దాచుకుంటాను" అంది తను. తెలివైన ఆలోచనే, కానీ చట్టం ఆ తలుపు మూసేసింది. సెక్షన్ 32లో ఎక్స్‌ప్లనేషన్ 5 అని ఒకటి ఉంది. మీరు క్లెయిమ్ చేసినా చేయకపోయినా లెక్కలో తరుగుదల తీసినట్టే, విలువ తగ్గినట్టే. లెక్కలు రాయకుండా టర్నోవర్‌లో శాతం చూపించే 44ఏడీలోకి వెళ్ళినా ఇదే కథ, ఆ ఏళ్ళలోనూ తరుగుదల ఇచ్చినట్టే లెక్క. వ్యాపారం నష్టంలో ఉంటే వేరు. అప్పుడు వాడని తరుగుదల ఎన్నేళ్ళైనా ముందుకు వెళ్తుంది. తన చిక్కేంటంటే నష్టం లేదు, లాభమే ఉంది. పన్నే లేదు.

చేతిలో ఉన్నది ఒక్కటే, తేదీ. కొన్న ఏడాదిలో యంత్రం 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాది సగం తరుగుదలే. అక్టోబరు మొదటి వారం దాటాక మొదలుపెడితే లక్షా 50 వేల బదులు 75 వేలు. బాబాయ్ లాంటి ఫర్మ్ జూన్‌లో మొదలుపెట్టడం మంచిదైంది. నా ఫ్రెండ్‌కి మాత్రం డిసెంబరే నయం. మొదటి ఏడాది 75 వేలే కరుగుతాయి, తర్వాతి ప్రతి ఏడాదీ తరుగుదల దాదాపు 9 శాతం ఎక్కువ ఉంటుంది. ఇక్కడ బిల్లు తేదీ ఒక్కటే చాలదు, వాడటం మొదలైన రోజు ముఖ్యం. సెప్టెంబరులో బిల్లు అయి, కరెంటు లోడ్ పెంచలేదని నవంబరు దాకా ఓవెన్ మూలన కూర్చుంటే సగమే వస్తుంది. ఇన్‌స్టాలేషన్ రిపోర్టు దాచుకోండి.

చెల్లింపు సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే రాణిగంజ్‌లో బేరం కుదిరాక "క్యాష్ ఇస్తే ఇంకో రెండు వేలు తగ్గిస్తా" అనేవాళ్ళు దొరుకుతారు. ఒకరికి ఒకే రోజులో 10 వేలు దాటి నగదు ఇస్తే, ఆ మొత్తం యంత్రం ఖరీదులోకి రాదు, దాని మీద తరుగుదల కూడా రాదు. రెండు వేల కోసం వెళ్ళి ఎక్కువ పోగొట్టుకుంటారు.

చివరిగా, ఓవెన్ పాడైపోయి పాత ఇనుము కింద 20 వేలకే అమ్మితే? స్ట్రెయిట్ లైన్ పుస్తకంలో మిగిలిన విలువ నష్టంగా రాసి ఆ పేజీ మూసేస్తారు. పన్ను లెక్కలో ఓవెన్‌కి విడిగా పేజీ ఉండదు. 15 శాతం రేటు ఉన్న మిక్సరూ, ఓవెనూ అన్నీ ఒకే బ్లాక్‌లో ఉంటాయి. ఆ 20 వేలు బ్లాక్ విలువలోంచి తీసేస్తారు, మిగిలినదాని మీద 15 శాతం నడుస్తూనే ఉంటుంది. ఓవెన్ పోయినా దాని తరుగుదల బతికే ఉంటుందన్నమాట. బ్లాక్‌లో ఒక్క వస్తువూ మిగలకపోతేనే ఆ లెక్క ముగుస్తుంది, తేడా షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్ లేదా లాస్ అవుతుంది.

బాబాయ్‌కి ఇదంతా చెప్పాను. అంతా విని, "సరే, ఐదో ఏడాది గుర్తు చెయ్యి" అన్నారు. క్యాలెండర్‌లో పెట్టాను. మీ షాపులో కంప్యూటర్లు ఉంటే వాటి రేటు 40 శాతం, ఆ గొడవ పూర్తిగా వేరు. వచ్చే ఎపిసోడ్‌లో అది చూద్దాం.