గౌరవం మధ్యలో తెగిపోకూడదు

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు పిల్లలకు వ్యాకరణం చెప్పారు, పుస్తకాలకు ప్రూఫులు దిద్దారు. ఆయన పనిలోంచి ఒక్క సంగతే ఈరోజు తీసుకుంటున్నాను. ఒక మనిషిని గౌరవంగా ప్రస్తావించిన తరువాత క్రియలూ సర్వనామాలూ ఆ గౌరవాన్ని చివరిదాకా నిలిపాయా అని సరిచూడడం ఎలా?

తెలుగులో ప్రథమ పురుష క్రియ చివరనే మనిషి స్థానం తెలుస్తుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. పేరు చివర ‘గారు’, ‘వారు’ చేరినా, ‘తీర్థులు’ అని గౌరవ బహువచనంలో ఉన్నా, మనిషి ఒక్కరే అయినా క్రియ ‘వచ్చారు’ కావాలి. ఈ నియమం అందరికీ తెలుసు. పొరపాట్లు మాత్రం ఒక వాక్యంలో కంటే వాక్యానికీ వాక్యానికీ మధ్యే ఎక్కువ.

ఈ మంత్రాలయ క్షేత్రం కథనే ఉదాహరణగా రాసి చూద్దాం.

“వేంకటనాథుడు కుంభకోణంలో సుధీంద్రతీర్థుల వద్ద చదువుకున్నాడు. సన్యాసం తీసుకుని రాఘవేంద్రతీర్థులయ్యారు. ఎన్నో ఊళ్లు తిరిగాడు. తుంగభద్ర ఒడ్డున మంచాలలో స్థిరపడ్డారు. స్వామివారు తన బృందావనాన్ని ముందే సిద్ధం చేయించాడు. 1671లో బృందావన ప్రవేశం చేశారు.”

విడివిడిగా చదివితే చాలా వాక్యాలు బాగానే ఉన్నాయి. వరుసగా చదివితే మనిషి ఒక్కరే, గౌరవం మాత్రం పైకీ కిందికీ ఊగుతోంది. మొదటి వాక్యంలోని ‘చదువుకున్నాడు’ తప్పు కాదు. అప్పటికి ఆయన వేంకటనాథుడు. ఆశ్రమం మారి పేరు మారిన చోట క్రియ మారడం సబబు. మొదటి నుంచీ ‘వేంకటనాథులు చదువుకున్నారు’ అని రాసినా తప్పు లేదు. కానీ ఒకసారి ‘తీర్థులయ్యారు’ అన్నాక మళ్లీ ‘తిరిగాడు’ అనకూడదు. ఆ వాక్యంలో కర్త కనబడదు కాబట్టే కన్ను జారిపోతుంది. ‘తిరిగారు’, ‘చేయించారు’ అని దిద్దాలి. ‘ఆయన తన’ అనే వాడుక నేటి రచనలో స్థిరపడింది. ‘వారు’ అన్నప్పుడు మాత్రం ‘తమ’ అనడమే పొందిక. కాబట్టి ‘స్వామివారు తమ బృందావనాన్ని’ అని ఉండాలి.

అందుకే సరిచూసేవారు వాక్యాల వెంట కాక మనుషుల వెంట నడవాలి. ముందుగా రచనలోని మనుషులందరినీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికి ఏ స్థాయి అన్నది రచయితతో తేల్చుకోవాలి. తరువాత ఒక్కొక్కరి కోసం రచన మొత్తం విడిగా చదవాలి. ‘రాలేదు’, ‘రావాలి’, ‘రావచ్చు’ అందరికీ ఒకటే కాబట్టి వాటి దగ్గర ఆగక్కరలేదు. ‘రాడు, రారు’, ‘వచ్చినవాడు, వచ్చినవారు’, ‘పండితుడు, పండితులు’ కనబడితే ఆగాలి.

తొందరపడి దిద్దితే కొత్త తప్పులు పుడతాయి. ‘కలెక్టర్ గారి కారు వచ్చింది’ సరైన వాక్యమే, వచ్చింది కారు. ‘రామారావు గారిని పిలిచాడు’ అన్నచోట పిలిచినవాడు వేరొకడు. గౌరవపదం కనబడగానే క్రియను మార్చకుండా, ఆ పని చేసిందెవరో ముందు చూడాలి.

మరో చిక్కు గౌరవ బహువచనంలోనే ఉంది. ‘స్వామివారు శిష్యులతో వచ్చారు. వారు పూజ చేశారు’ అంటే చేసింది స్వామా, శిష్యులా? పొందిక కుదిరింది, అర్థం కుదరలేదు. అక్కడ సర్వనామం తీసేసి ‘స్వామివారు’ అనో ‘శిష్యులు’ అనో మళ్లీ పేరే రాయాలి.

స్త్రీల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే సభ వార్తలో ‘ఆయన మాట్లాడారు, ఆమె మాట్లాడింది’ అని వస్తే ప్రతి వాక్యమూ వ్యాకరణానికి సరిపోతుంది, అయినా ఇద్దరికీ సమానమైన గౌరవం అందలేదు. ఆయనకు ‘మాట్లాడారు’ అన్నప్పుడు ఆమెకూ ‘మాట్లాడారు’ అనే రాయాలి.

ఇక మన సీమ మాట. ‘ఆయప్ప వచ్చినాడు’, ‘ఆయమ్మ వచ్చింది’ అని పెద్దలను గురించి ప్రేమగానే అంటాం. కథలో పాత్ర అలా మాట్లాడితే దాన్ని ‘వారు వచ్చారు’ అని దిద్దడం ఆ మనిషి నోరు నొక్కడమే. దేవుణ్ణి ‘నువ్వు’ అని పిలిచే భక్తుడి మాటనూ ‘మీరు’గా మార్చకూడదు. రచయిత సొంత కథనంలో పొందిక వెతకాలి, పాత్రల సంభాషణను దాని పద్ధతిలో వదలాలి.

క్షేత్ర చరిత్రలు, అభినందన సంచికలు, ఆహ్వాన పత్రికలు అచ్చువేసేవారికి నా విన్నపం ఇది. అచ్చుకు ఇచ్చేముందు ఒక్కో మనిషి పేరు పట్టుకుని మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకసారి చదవండి. అక్షరదోషాలు చూసే చదువుతో దీన్ని కలపకండి. రెండూ వేర్వేరు పనులు.