"నిర్లక్ష్యం" అనే మాట కొట్టేసిన రిపోర్టు

(పోయిన ఆదివారం సాయంత్రం క్యాంపు మెస్‌ హాల్లో మన చార్జ్‌హ్యాండ్ అన్న మాట్లాడిన మాటలు. డ్యూటీలో ఉండి రాలేకపోయినోళ్ల కోసం రాసి పెడుతున్నం.)

నేను ఇక్కడ దుబాయిలో హెల్పర్‌గా మొదలుపెట్టి ఇప్పుడు చార్జ్‌హ్యాండ్‌గా పని చేస్తున్న. సైటులో ఎవరికైనా దెబ్బ తగిలితే మొదటి కాగితం నా చేతిలోకే వస్తది. ఆ కాగితం గురించే ఈరోజు చెప్తా. అందులో ఏ మాట రాయాలె, ఏ మాట రాయొద్దు అనేది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్న.

ఒక బిల్డింగు మూడో అంతస్తు కారిడార్‌లో జిప్సం సీలింగ్ పని నడుస్తున్నది. చక్రాల టవర్ మీద ఒక తమ్ముడు, కింద ఇంకో హెల్పర్. ప్లాట్‌ఫాం నేల నుంచి రెండు మీటర్ల ఎత్తు. ఒక షీటు అయిపోయింది, ముందుకు జరగాలె. పైన ఉన్నోడు దిగలే, కిందోడు టవర్‌ను తోసిండు. నేల మీద ఎలక్ట్రిక్ పైపు ముక్క పడి ఉంది. చక్రం దానికి తగిలి టవర్ ఒక్కసారి ఆగింది. తమ్ముడు కింద పడ్డడు, కుడి చెయ్యి మణికట్టు విరిగింది.

నేను రాసిన మొదటి రిపోర్టు ఇట్లుండె: "పలుమార్లు హెచ్చరించినా వినకుండా, కార్మికుడు నిర్లక్ష్యంగా టవర్ మీద నిలబడి సేఫ్టీ నియమాలు ఉల్లంఘించడం వల్ల ప్రమాదం జరిగింది."

మా సేఫ్టీ ఆఫీసర్ కేరళ ఆయన, నెమ్మదస్తుడు. చదివి మూడే ప్రశ్నలు అడిగిండు. పలుమార్లు అంటే ఎన్నిసార్లు? హెచ్చరించింది ఎవరు? ఏ రోజు? నా దగ్గర జవాబు లేదు. ఎవరూ హెచ్చరించలే. అట్ల రాయడం అలవాటు కాబట్టి రాసిన, అంతే. తర్వాత "నిర్లక్ష్యంగా" మీద వేలు పెట్టి, ఇది నువ్వు కంటితో చూసినవా అన్నడు. మనిషి పడుడు కనబడుతది, నిర్లక్ష్యం కనబడదు. అది మనం అనుకునేది.

ఆ ఒక్క వాక్యంతో ఎంత నష్టమో నాకు అప్పటికి తెల్వదు. ఈ దేశంలో 2021లో వచ్చిన 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు కంపెనీదే. పని చేయలేని రోజులకు ఆరు నెలల దాకా పూర్తి జీతం, అప్పటికీ నయం కాకపోతే ఇంకో ఆరు నెలల దాకా సగం జీతం ఇయ్యాలె. కానీ అదే చట్టంలో పరిహారం రాని సందర్భాలు కూడా ఉన్నయి. అందరికీ కనబడేటట్టు పెట్టిన సేఫ్టీ సూచనలను కావాలని ఉల్లంఘించిండని రుజువైతే పరిహారం హక్కు పోతది. చూడండి, నేను రాసిన "వినకుండా", "ఉల్లంఘించి" అనే మాటలు సరిగ్గా ఆ దారికే పోతయి. రుజువు కాకపోవచ్చు. కానీ ప్రమాదం జరిగిన రోజు మన చేత్తో రాసిన కాగితం ఫైల్లో ఉంటే తర్వాత దాన్ని కాదనుడు చాలా కష్టం.

ఇంకో దిక్కు కూడా చెప్పాలె. ఆ సాయంత్రం తమ్ముని రూమోళ్లు కోపంగా వచ్చిండ్రు. "ఫోర్‌మన్ తొందరపెట్టి వాణ్ని చంపబోయిండు అని రాయి" అన్నరు. నేను అడిగిన: తొందరపెట్టిన మాట ఎవరు విన్నరు? కింద ఉన్న హెల్పర్ విన్నడు. అయితే అతని వాంగ్మూలంలో అతను విన్న మాట విన్నట్టు రాద్దాం, "చంపబోయిండు" మాత్రం వద్దు అన్న. ఆ మాట రాస్తే ఫోర్‌మన్ తనను తాను కాపాడుకునే పనిలో పడతడు, అసలు సంగతి పక్కకు పోతది. ఫిర్యాదు చేసే హక్కు ఎవరికైనా ఉంటది, దానికి వేరే కాగితం, వేరే దారి. దీంట్లో కలపొద్దు.

తిరిగి రాసిన రిపోర్టు ఇది. తెలుగులో చెప్తా, అసలుది ఇంగ్లీషులో ఉంటది.

"18వ తేదీ, ఉదయం సుమారు 10:20. మూడో అంతస్తు, లిఫ్టుకు తూర్పున ఉన్న కారిడార్. జిప్సం హెల్పర్ చక్రాల టవర్ ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. ప్లాట్‌ఫాం ఎత్తు 2 మీటర్లు, టేపుతో కొలిచాము. రెండో హెల్పర్ కింద నుంచి టవర్‌ను తూర్పు వైపు తోశాడు. ముందు కుడి చక్రం నేల మీద ఉన్న పైపు ముక్కకు తగిలి టవర్ ఆగింది. పైన ఉన్న హెల్పర్ తూర్పు వైపు నుంచి నేల మీద పడ్డాడు. తూర్పు వైపు గార్డ్‌రైల్ లేదు. దాన్ని ఎవరు, ఎప్పుడు తీశారో ఈ రిపోర్టు రాసే సమయానికి తెలియలేదు. టవర్ ట్యాగ్ మీద చివరి తనిఖీ తేదీ 9 అని ఉంది. హెల్పర్ హెల్మెట్, సేఫ్టీ షూస్ వేసుకొని ఉన్నాడు."

ఇందులో ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ కాపాడలేదు. పైన మనిషి ఉండంగనే టవర్ జరిగిందన్న సంగతి ఉంది, తమ్మునికి ఇబ్బందే అయినా దాచలే. గార్డ్‌రైల్ లేదన్న సంగతీ ఉంది, అది కంపెనీకి ఇబ్బంది. ట్యాగ్ సంగతి గమనించండి. "తనిఖీ ఆలస్యం చేశారు" అని నేను రాయలే. ప్రమాదం 18, ట్యాగ్ మీద 9. చదివేటోనికి రెండు తేదీలు చాలు.

"తెలియలేదు" అని రాయడానికి చాలామంది భయపడతరు, చేతకానోడు అనుకుంటరేమో అని. ఖాళీ వదిలితే తర్వాత ఎవరో నింపుతరు. ఊహించి రాస్తే రేపు అబద్ధం అయితది. తెలియంది తెలియలేదు అని రాసుడే నయం. ఎందుకు జరిగింది అనేది విచారణలో తేలుతది, ఈ కాగితం పని అది కాదు.

ఇగ సాక్షుల ముచ్చట. అక్కడ ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నడు, పాకిస్తాన్ భాయ్. "చూసిన, పట్టుకోకుండా దూకిండు" అన్నడు. అది అట్లనే రాసేటోణ్ని. కానీ సేఫ్టీ ఆఫీసర్ ఆయన్ని కారిడార్‌కు తోలుకపోయి, ఆ టైంల ఎక్కడ నిలబడ్డవో చూపించు అన్నడు. నిలబడి చూపించిండు. ఆరు మీటర్ల దూరం, గోడ దిక్కు మొహం, చేతిలో డ్రిల్లు. చప్పుడు విని తిరిగితే తమ్ముడు నేల మీద ఉన్నడు. అంటే దూకుడు ఆయన చూడలే, పడ్డంక చూసిండు. ఆయన అబద్ధమాడలే, మనసు కథ కట్టింది. చివరికి ఆయన వాంగ్మూలం ఇట్ల అయింది: "నేను ఆరు మీటర్ల దూరంలో గోడకు డ్రిల్లు చేస్తున్నాను. చప్పుడు విని తిరిగి చూశాను. అతను నేల మీద కుడి చెయ్యి పట్టుకొని ఉన్నాడు. పడటం నేను చూడలేదు."

కింద ఉన్న హెల్పర్‌ది ముఖ్యమైన వాంగ్మూలం. అతను చెప్పింది అతని మాటల్లోనే రాసినం: "నేను తోశాను. పైనుంచి ‘జరుపు’ అన్నాడు. అంతకు ముందు, పది గంటలప్పుడు, ఫోర్‌మన్ ‘ఈ కారిడార్ లంచ్ లోపల కావాలె’ అని చెప్పాడు, నేను విన్నాను." చూసింది వేరు, విన్నది వేరు. ఎవరి నోట విన్నడో, ఎప్పుడు విన్నడో పక్కన ఉండాలె. ఫోర్‌మన్‌ను కూడా అడిగినం, ఆ మాట అన్నానని ఒప్పుకొని సంతకం పెట్టిండు. అదే "తొందరపెట్టిండు" అని రాసి ఉంటే గొడవకు దిగేటోడు. ఒక్కొక్కరిని విడిగా, అదే రోజు అడగాలె. అందరినీ ఒక దగ్గర కూసుండబెడితే గట్టిగ మాట్లాడేటోని కథనే అందరి కథ అయితది. ప్రతి సాక్షి పేరు, కంపెనీ నంబరు, పని, నిలబడ్డ చోటు రాయాలె. దెబ్బ తగిలినోణ్ని మాత్రం నొప్పిలో, మందు మత్తులో అడగొద్దు. తమ్ముని మాట మర్నాడు ఆస్పత్రిలో తీసుకున్నం, తీసుకున్న టైం కూడా రాసినం.

వెంటనే చేసిన పనులు అనే గడిలో చాలా రిపోర్టులు చెడిపోతయి. "ఫస్ట్ ఎయిడ్ ఇచ్చారు, అందరికీ సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చారు" అని ఒక ముద్ద వాక్యం రాస్తరు. ట్రైనింగ్ ఎప్పుడిచ్చిండ్రు? వచ్చే వారం ఇస్తరట. జరగబోయేది ఆ గడిలో పెట్టొద్దు. మా రిపోర్టులో టైం వేసి రాసినం. 10:22కి ఫస్ట్ ఎయిడర్ వచ్చాడు. మెడ, వెన్ను నొప్పి ఉందా అని అడిగే దాకా కదిలించలేదు. మణికట్టుకు అట్టముక్క ఆసరా పెట్టి కట్టాడు. 10:25కి అంబులెన్స్ నంబరు 998కి ఫోన్ చేశాము. 10:30కి కారిడార్ రెండు వైపులా టేపు కట్టి పని ఆపాము. 10:40కి స్ట్రెచర్ దారి కోసం టవర్‌ను రెండు మీటర్లు పడమరకు జరిపాము. జరపక ముందు నాలుగు ఫోటోలు తీశాము. తర్వాత టవర్‌కు రెడ్ ట్యాగ్ వేశాము.

టవర్ జరిపిన ముచ్చట రాయొద్దని ఒకాయన అన్నడు, సాక్ష్యం చెరిపినట్టు ఉంటదని. మనిషిని కాపాడటానికి జరపొచ్చు. జరిపి రాయకుంటేనే అనుమానం. ఫోటోలో ఒక చోట, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఇంకో చోట ఉంటే ఆయన ఏమనుకుంటడు?

మీలో చాలామంది రిపోర్టు రాసేటోళ్లు కాదు, సంతకం పెట్టేటోళ్లు. మీకు ఒక ముచ్చట. వాంగ్మూలం మీకు వచ్చిన భాషలో చెప్పండి, తెలుగైనా హిందీ అయినా. ఇంగ్లీషులో రాసిన తర్వాత మీ భాషలో చదివి వినిపించమని అడగండి. చదివినోని పేరు కింద రాయించి, అప్పుడే సంతకమో వేలిముద్రో పెట్టండి. తప్పుంటే వైట్నర్ పెట్టనీయకండి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట, పొట్టి సంతకం, తేదీ. గీత కింద పాత మాట కనబడాలె. కాపీ అడగండి. ఫోన్‌తో ఫోటో తీసుడు మీ సైటులో మనా అయితే దొంగతనంగా తీయొద్దు, ఆఫీసులో కాపీ కావాలని అడగండి, అడిగిన తేదీ మీ దగ్గర రాసి పెట్టుకోండి.

తమ్ముని చెయ్యికి తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాలు జీతం పడ్డది, ఆస్పత్రి బిల్లు కంపెనీ కట్టింది. విచారణలో గార్డ్‌రైల్‌ను అంతకు రెండు రోజుల ముందు డక్ట్ పనోళ్లు తీసిండ్రని తేలింది. నా మొదటి కాగితమే ఫైల్లోకి పోయి ఉంటే గార్డ్‌రైల్ గురించి ఎవరూ అడిగేటోళ్లే కాదు. కారణం అందులో రాసే ఉంది కదా.

ఖాళీ ఫారాలు పది తెచ్చిన, బల్ల మీద ఉన్నయి. తమ్ముని సంగతి మీరే చూసినట్టు అనుకొని ఒక్కొక్కరు నింపి చూడండి. నింపినంక పక్కోనికి ఇచ్చి, కంటితో కనబడని మాట ఎక్కడుందో గీత కొట్టమనండి. తెలుగులో రాయండి, ఫరవాలేదు.