బదిలీకి మేనేజర్ రాసే లేఖ

శ్రీనగర్ కాలనీలోని ఒక కంపెనీలో అకౌంట్స్ చూసే అమ్మాయి, అక్కడే ఆడిట్ విభాగానికి మారాలనుకుందనుకోండి. మేనేజర్ సిఫార్సు లేఖలో ‘కష్టపడుతుంది, మంచి మనిషి’ అని మాత్రమే రాస్తే, వదిలించుకుంటున్నారేమోనని అవతలి మేనేజర్‌కు అనుమానం వస్తుంది. ఆడిట్‌కు పనికొచ్చే పని ఒక్కటైనా చూపాలి. బిల్లులను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి, రెండుసార్లు చెల్లించిన బిల్లును ఆమె ఎలా పట్టుకుందో రాయాలి. జీఎస్టీ నిబంధనలు ఇంకా నేర్చుకోవాల్సి ఉంటే అదీ దాచకూడదు. అప్పుడే మెచ్చుకోలు నమ్మేలా ఉంటుంది.

చాలామంది మరిచిపోయేది మరొకటి ఉంది. ఆమెను ఏ తేదీన పంపుతారు, పని ఎవరికి అప్పగిస్తారు? అది రాయకపోతే, మంజూరైన బదిలీ కూడా నెలాఖరు లెక్కల పేరుతో వాయిదా పడుతుంది. ఖాతాలు ముగించిన మరుసటి వారం తేదీ వేస్తే ఇరువైపులా ఇబ్బంది తగ్గుతుంది.