ఒకే ఉద్యోగము, నలభై ప్రకటనలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన విద్యానిధికి వచ్చే దరఖాస్తులలో ఒక రకము దరఖాస్తు మమ్మల్ని ఆలోచింపజేసింది. బి.యస్సీ. కెమిస్ట్రీ పూర్తయిన పిల్లలు "మందుల కంపెనీలో ఉద్యోగానికి ఫలానా కోర్సు చేస్తాము, ఫీజు ఇప్పించండి" అని రాస్తారు. ఒకరు కంప్యూటర్ కోర్సు అంటారు, ఒకరు మరొకటి అంటారు. ఆ కోర్సు అవసరమని ఎవరు చెప్పారు అంటే, ఆ కోర్సు నడిపేవారే చెప్పారు! నిధిలోని ప్రతి రూపాయి మీ ఇళ్ళ నుండి వచ్చినది. కావున ఉద్యోగము ఇచ్చేవారు ఏమి అడుగుతున్నారో వారి మాటల్లోనే చూడాలని మేము అనుకున్నాము. వారి మాటలు ప్రకటనల్లో ఉన్నాయి. వాటిని లెక్కపెట్టే పద్ధతి ఈ రోజు మీ ముందు ఉంచుతాము.

ముందుగా ఒకే ఒక ఉద్యోగాన్ని ఎంచుకోవాలి. "మందుల కంపెనీలో ఏదైనా" అంటే లెక్క కుదరదు. మన పిల్లలకు దగ్గరైనది క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్ ఉద్యోగము. విశాఖ-శ్రీకాకుళం జాతీయ రహదారి మీద, భోగాపురం దాటాక, రణస్థలం మండలంలో పైడిభీమవరం ఉన్నది కదా, అక్కడ డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి పెద్ద సంస్థల కర్మాగారాలు ఉన్నాయి. అటు పరవాడలో ఫార్మా సిటీ ఉన్నది. 2022 నుండి అది అనకాపల్లి జిల్లా. ఈ రెండు చోట్లా తయారైన సరుకును పరీక్షించి "ఇది పంపవచ్చు, ఇది పంపకూడదు" అనడానికి ఆధారమైన అంకెలు ఇచ్చేవాడే ఈ కెమిస్ట్.

ఒకే పనికి పేర్లు మాత్రము చాలా ఉంటాయి. ఒక కంపెనీ "క్యూ.సి. కెమిస్ట్" అంటుంది, మరొకటి "ట్రెయినీ అనలిస్ట్" అంటుంది, ఇంకొకటి "జూనియర్ ఎగ్జిక్యూటివ్, క్యూ.సి." అంటుంది. పేరును వదిలి కింద రాసిన పనిని చదవాలి. నమూనా పరీక్షించుట అని ఉంటే మనకు పనికి వస్తుంది. "క్యూ.ఎ." అని ఉంటే అది వేరే శాఖ, ఎక్కువగా కాగితాల పరిశీలన. రోడ్లు వేసేవారు కూడా "క్వాలిటీ కంట్రోల్" అనే అంటారు, అది సిమెంటు, కంకర సంగతి. ఉర్దూ మీడియములో చదివిన మా పిల్లలకు ఈ ఇంగ్లీషు పొట్టి అక్షరాలన్నీ ఒకేలా కనబడతాయి గనుక ఈ మాట కొంచెం సాగదీసి చెప్పాము.

ఇక లెక్క. ఇక్కడ చెప్పే అంకెలు పద్ధతి తేటపడడానికి తీసుకున్న మచ్చు అంకెలు. మీరు కూర్చుని లెక్కిస్తే మీ అంకెలు మీకు వస్తాయి. పత్రికలు, కంపెనీల వెబ్‌సైట్లు, కాలేజీ నోటీసు బోర్డులు, ఫోనులో తిరిగే వాట్సాప్ చీటీలు, అన్నిటి నుండి గత ఆరు మాసాలలో 55 ప్రకటనలు పోగుచేశామనుకోండి. అందులో తొమ్మిది చూసినవే మళ్ళీ వచ్చినవి. కన్సల్టెన్సీ వారు కంపెనీ పేరు దాచి అదే ప్రకటనను తమ పేరుతో వేస్తారు. ఇంటర్వ్యూ తేదీ, స్థలము, యంత్రాల పేర్లు రాసిన వరుస, ఈ మూడూ ఒకటే అయితే ప్రకటన ఒకటే. మరో నాలుగు ఉద్యోగ ప్రకటన వేషంలో ఉన్న కోర్సు ప్రకటనలు, లేదా "రిజిస్ట్రేషన్‌కు ముందుగా డబ్బు కట్టండి" అనేవి. ఇంటర్వ్యూకు పిలవడానికి డబ్బు అడిగే చీటీని లెక్కలోకే కాదు, ఇంట్లోకి కూడా రానివ్వకండి. రెండు సిమెంటు కంకరవి. ఇవన్నీ తీసేస్తే 40 మిగులుతాయి. ఈ ఏరివేత చేయకపోతే, ఎక్కువసార్లు పంచబడిన ఒక్క ప్రకటనే నలుగురి గొంతుతో మాట్లాడినట్లు అవుతుంది.

ఒక లాంగ్ నోటుబుక్కు తీసుకుని, ఒక్కో ప్రకటనకు ఒక్కో వరుస, ఒక్కో నైపుణ్యానికి ఒక్కో గడి గీయాలి. అడిగితే 1, అడగకపోతే 0. ఒకే ప్రకటనలో హెచ్.పి.ఎల్.సి. అని మూడుసార్లు ఉన్నా ఒకటే. "తప్పనిసరి" అన్నదానికీ, "ప్రిఫర్డ్" అంటే ఉంటే మంచిది అన్నదానికీ వేరు వేరు గుర్తులు పెట్టాలి. ఒకే వస్తువుకు రెండు పేర్లు ఉంటే ముందే కలిపేయాలి. "కె.ఎఫ్.", "తేమ పరీక్ష", "కార్ల్ ఫిషర్" ఈ మూడూ ఒకటే గడిలోకి వస్తాయి. కొత్త ప్రకటన వచ్చినా కొత్త గడి గీయవలసిన అవసరము రాకుండా వరుసగా పది దాటితే, సరిపడా చూశామని అర్థము. అందుకే వందలు అక్కర్లేదు, కొన్ని పదులు చాలు అంటున్నాము.

మచ్చుకి, 40 లో హెచ్.పి.ఎల్.సి. 30 సార్లు వచ్చిందనుకుందాము. ఇది ఒక సన్నని గొట్టము గుండా ద్రావణాన్ని ఒత్తిడితో పంపి, మందులో అసలు పదార్థమెంత, మలినాలెంత అని విడదీసి చూపే యంత్రము. జి.సి. 15, కె.ఎఫ్. 13, డిసొల్యూషన్ 12 వచ్చాయి. ఇంతవరకు లెక్క ఎవరైనా చేస్తారు. చదవడం దగ్గరే జాగ్రత్త కావాలి.

నలభై అనేది చిన్న సంఖ్య. వేరే నలభై ప్రకటనలు దొరికి ఉంటే ఈ అంకెలు అయిదారు అటూ ఇటూ కదిలేవి. కాబట్టి 15 కూ 13 కూ తేడా ఉన్నదని జి.సి. ముందు నేర్చుకో, కె.ఎఫ్. తరువాత నేర్చుకో అని పిల్లవాడికి చెప్పడం తగదు. రెండూ ఒకటే మెట్టు మీద ఉన్నవి. 30 మాత్రము ఎంత కదిలినా పై మెట్టులోనే ఉంటుంది. ఈ లెక్క మెట్లను చెబుతుంది గాని ర్యాంకులను చెప్పదు.

డిసొల్యూషన్ సంగతి చూడండి, అసలు కిటుకు ఇక్కడ ఉన్నది. 40 లో 12 అంటే నూటికి ముప్ఫై. అంటే ముగ్గురిలో ఒకరు కూడా అడగడం లేదు, వదిలేద్దామనిపిస్తుంది. ఇప్పుడు ఆ నలభైని రెండు కుప్పలు చేయండి. మందుకు మూలమైన పొడిని చేసే బల్క్ డ్రగ్ కర్మాగారాల ప్రకటనలు 26, మాత్రలు, గొట్టాలు చేసేవారివి 14. మాత్ర కడుపులో ఎంతసేపట్లో కరుగుతుందో చూసే పరీక్ష డిసొల్యూషన్. పొడి చేసేవాడికి దానితో పని లేదు. కావున ఆ పన్నెండూ మాత్రల వారి 14 లోనే ఉంటాయి, పొడి వారి 26 లో సున్నా. నూటికి ముప్ఫై అనే అంకె ఏ ఒక్క కర్మాగారానికీ వర్తించదు! పిల్లవాడు ఏ గేటు ముందు నిలబడబోతున్నాడో తెలిస్తేనే ఆ అంకెకు అర్థము. పైడిభీమవరంలో బల్క్ డ్రగ్ కర్మాగారానికి వెళ్ళేవాడు జి.సి. మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఎందుకంటే పొడి తయారీలో వాడిన ద్రావకాలు సరుకులో ఎంత మిగిలాయో చూసేది ఆ యంత్రమే.

ఇదే తీరుగా అనుభవము ఉన్నవారి ప్రకటనలనూ, కొత్తవారివాటినీ విడదీయాలి. కొత్తవారి ప్రకటన చాలా పొట్టిగా ఉంటుంది, యంత్రాల పేర్లు కూడా ఒక్కోసారి ఉండవు. అంటే ఏమీ రాకపోయినా ఫరవాలేదని కాదు, ఇంటర్వ్యూలో అడుగుతారని. హెచ్.పి.ఎల్.సి. సూత్రమేమిటి, సి-18 కాలమ్ అంటే ఏమిటి, నార్మాలిటీకీ మొలారిటీకీ భేదమేమిటి, ఇటువంటివి. ప్రకటన చెప్పని దానిని అక్కడ పని చేస్తున్న మన ఊరి పిల్లలను అడిగి రాసుకోవాలి.

ఇంకొక గడి ఉన్నది. అది నైపుణ్యము కాదు, గేటు. "ఫలానా సంవత్సరాలలో పాసైనవారే", "ఇన్ని శాతము మార్కులు", "పురుష అభ్యర్థులు మాత్రమే". ఈ చివరి మాట ఉన్న ప్రకటనలు తక్కువేమీ కావు, రాత్రి షిఫ్టు సాకుగా. ఆడపిల్లలున్న తండ్రులు ఫీజు కట్టక ముందే ఈ గడి చూడాలి. ఎన్ని యంత్రాలు నేర్చినా ఆ గేటు తెరుచుకోదు. గేటు తెరిచి ఉన్న ప్రకటనలు ఎన్ని, ఎక్కడివి అని ఆడపిల్లలకు వేరే లెక్క వేస్తేనే న్యాయము.

అన్ని కుప్పలలోనూ, యంత్రాల పక్కన మరొక మాట కనబడుతుంది. "జి.ఎల్.పి.", "డేటా ఇంటెగ్రిటీ", "డాక్యుమెంటేషన్". పిల్లలు దీనిని అలంకారమనుకుని దాటేస్తారు. కారణము వినండి. 2015 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఒక పెద్ద కంపెనీ మూడు కర్మాగారాలకు హెచ్చరిక లేఖ ఇచ్చింది. అందులో ఒకటి మన శ్రీకాకుళం జిల్లాలోనిదే. పరీక్షల రికార్డులు నమ్మదగినట్లు లేకపోవడం అందులోని ఆక్షేపణలలో ఒకటి. అమెరికాకు సరుకు పంపే ఏ కంపెనీ అయినా అటువంటి లేఖకు భయపడుతుంది. కావున పరీక్ష ఎవరు చేశారో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, చేసిన క్షణములోనే రాయాలి, అసలు కాగితమే ఉండాలి, అంకె సరిగా ఉండాలి అనే అయిదు నియమాలు వారికి ప్రాణము. తప్పు పడితే దిద్ది రాయకూడదు, తెల్ల రంగు పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, సంతకము, తేదీ వేయాలి. ఇది నేర్పడానికి యంత్రము అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. మా బడిలో రికార్డు నోటుబుక్కు మీదనే నేర్పవచ్చు.

హెచ్.పి.ఎల్.సి. అయితే ఇంట్లో వచ్చేది కాదు. నిధి సొమ్ము ఇవ్వవలసింది దీనికే అని మా అభిప్రాయము, అయితే మూడు సంగతులు కనుక్కున్న తరువాత. శిక్షణ ఇచ్చేచోట పని చేసే యంత్రము ఉన్నదా, లేక బొమ్మ చూపిస్తారా? ఒక్క యంత్రానికి ఎందరు విద్యార్థులు? పిల్లవాడు స్వయంగా నమూనా తయారుచేసి, యంత్రములోకి ఎక్కించి, వచ్చిన గీతల కింద వైశాల్యము చూసి శాతము లెక్క కడతాడా, లేక దూరము నుండి చూస్తాడా? కంపెనీలు అడిగే ఎంపవర్, క్రొమెలియాన్ వంటి సాఫ్ట్‌వేర్ల పేర్లు ఇక్కడే వస్తాయి. ఏదో ఒకదాని మీద చేతితో పని చేసినవాడికి రెండోది త్వరగానే పట్టుబడుతుంది. అన్నిటికీ వేరు వేరు కోర్సులు కట్టవలసిన పని లేదు.

గడులు గీసిన నోటుబుక్కు కార్యదర్శి గారి వద్ద ఉంచాము. మీ ఫోనుకు వచ్చిన క్యూ.సి. ప్రకటన ఏదైనా ఉంటే, వచ్చిన తేదీ, ఎవరి ద్వారా వచ్చిందో రాసి ఇవ్వండి. ఆరు మాసాలు దాటినవాటిని కొట్టివేసి, పరీక్షా ఫలితాలు వచ్చే సమయానికి లెక్క మళ్ళీ వేస్తాము. ఆ కాగితము చూసిన తరువాతే దరఖాస్తులపై నిర్ణయము చేయాలని సభకు మనవి చేస్తున్నాము.